దొరికారా?
(నార్ల వెంకటేశ్వరరావు స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)



నార్లగారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు సంపాదకీయం గురించి మాట్లాడతానని నిర్వాహకులు అనుకున్నట్టున్నారు. 1942 నుంచి ఆంధ్రప్రభకు, 1960లో మొదలైన ఆంధ్రజ్యోతికి ఆయన సంపాదకులు. ఆయన సంపాదకీయాల మీద ఇప్పటికే చాలామంది చాలా చెప్పారు. నేను సంపాదకీయాలు రాసినవాణ్ణి కాదు. ముప్పై ఏళ్లు డెస్క్ మీద కూర్చుని ఇతరుల వార్తలు దిద్దినవాణ్ణి. అందుకని నాకు తెలిసిన చిన్న సంగతి ఒకటి చెబుతాను. వార్తలో మొదటి వాక్యం సంగతి. మేం దాన్ని ఇంట్రో అంటాం, కొందరు లీడ్ అంటారు. అన్ని వార్తల ఇంట్రోలూ కాదు. ఏదో పెద్దది జరిగింది, ఇంకా జరుగుతూనే ఉంది, సగం తెలుసు, సగం తెలియదు, పేజీ వదలాల్సిన వేళ దగ్గరపడింది. ఆ వేళప్పుడు రాసే మొదటి వాక్యం గురించి మాత్రమే మాట్లాడతాను.

2009 సెప్టెంబర్ 2, బుధవారం. ఆ రోజు ఉదయం 8.38కి అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి హెలికాప్టర్‌లో బయల్దేరారు. చిత్తూరు జిల్లా అనుపల్లిలో రచ్చబండ కార్యక్రమం మొదలుపెట్టాలి. తొమ్మిదిన్నర ప్రాంతంలో హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. ఆ తర్వాతి ఇరవై నాలుగు గంటలు మీలో చాలామందికి గుర్తే ఉంటాయి. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక పత్రిక జనరల్ డెస్క్ మీద ఉన్నాను. మొదటి పేజీ వార్త రాసే పని నా మీద పడింది. ఏజెన్సీ కాపీలు, కర్నూలు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుంచి మా విలేకరులు పంపినవి, సచివాలయం నుంచి వచ్చినవి, అన్నీ కుప్పగా ముందేసుకుని సాయంత్రానికి ఒక ఇంట్రో కట్టాను. దాన్ని దాచుకున్నాను. ఇదీ:

“చిత్తూరు జిల్లా అనుపల్లిలో రచ్చబండ కార్యక్రమాన్ని ప్రారంభించేందుకు బుధవారం ఉదయం 8.38 గంటలకు హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయం నుంచి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్‌కు ప్రతికూల వాతావరణం కారణంగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో సంబంధాలు తెగిపోవడంతో రాష్ట్రవ్యాప్తంగా తీవ్ర ఆందోళన నెలకొంది.”

ముప్పై రెండు మాటలు. నాకు బాగానే ఉందనిపించింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, అన్నీ ఉన్నాయి కదా! మా న్యూస్ ఎడిటర్ చదివి ఏమీ అనలేదు. పక్క బల్ల మీద ఆగకుండా మోగుతున్న ఫోన్ చూపించి, “ఏమయ్యా, అదెత్తి పది నిమిషాలు జవాబు చెప్పు. తర్వాత రాద్దువుగాని” అన్నారు.

ఎత్తాను. ఎవరో పెద్దాయన. పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు. “బాబూ, దొరికారా?” అన్నాడు. “ఇంకా లేదండీ” అన్నాను. పెట్టేశాడు. మళ్లీ మోగింది. ఒకావిడ. “దొరికిందా అండీ?” “లేదమ్మా.” మళ్లీ ఎవరో. “ఏమన్నా తెలిసిందా సార్?” పది నిమిషాల్లో పదిహేను ఫోన్లు వచ్చి ఉంటాయి. ఏ చానల్ నిజం చెబుతోందో తెలియక పత్రికాఫీసుకు ఫోన్ చేస్తున్న జనం వాళ్లు. అందులో ఒక్కరు కూడా అనుపల్లి గురించి అడగలేదు. 8.38 గురించి అడగలేదు. రాష్ట్రంలో ఆందోళన నెలకొందా అని అసలే అడగలేదు, ఆందోళనపడుతున్నది వాళ్లే కాబట్టి.

తిరిగొచ్చి నా ఇంట్రో చూసుకుంటే, ఆ పదిహేను మందికీ నేను ఫోన్లో చెప్పిన జవాబు ఆ ముప్పై రెండు మాటల్లో ఎక్కడా లేదు.

ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది దాదాపు ఇదే. తెలుగువాడు గాభరాలో ఉన్నప్పుడు ప్రశ్నను క్రియతోనే అడుగుతాడు. దొరికారా, బతికాడా, తెగిందా, కూలిందా, ఆగిందా. ఒక్క మాట, చివర దీర్ఘం. ఆ దీర్ఘం తీసేస్తే, లేదా “లేదు” చేరిస్తే, అదే ఇంట్రోలో చివరి మాట. ఇంగ్లీషు వాక్యం కర్త వెంటనే క్రియ చెప్పేసి, మిగతా వివరాలు తోకలా వెనక తగిలించుకుంటుంది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. అది లోపమేమీ కాదు. కాని ఏజెన్సీ వార్తను తర్జుమా చేసేటప్పుడు ఇంగ్లీషు వాక్యపు తోక అంతా తెలుగులో తల మీదికి ఎక్కుతుంది. ఎందుకు వెళ్తున్నారు, ఎక్కణ్ణించి వెళ్తున్నారు, ఎన్ని గంటలకు, ఇవన్నీ క్రియకు ముందు బారులు తీరి నిలబడతాయి. వాటన్నిటినీ దాటుకుంటే గాని పాఠకుడికి జవాబు దొరకదు. నా ఇంట్రోలో “ముఖ్యమంత్రి” అన్న మాట పదహారోది. అప్పటిదాకా ఇది ఎవరి గురించిన వార్తో కూడా తెలియదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. మొదటి వాక్యంలో “డంతో” కనిపిస్తే అక్కడ ఆగండి. “తెగిపోవడంతో”, “కూలడంతో”, “పేలడంతో”. అసలు వార్త ఎప్పుడూ ఆ “డంతో”కి ఎడమ పక్కనే ఉంటుంది. కుడిపక్కన ఉండేది కలకలం రేగింది, ఉద్రిక్తత నెలకొంది, విషాదఛాయలు అలముకున్నాయి లాంటిది. వార్త ఉపవాక్యంలోకి దిగిపోయింది, వాక్యం సింహాసనం మీద ఆందోళన కూర్చుంది. “రేపల్లె వెళ్లే రైలు పట్టాలు తప్పడంతో ప్రయాణికులు భయాందోళనలకు గురయ్యారు” అని రాసిన కాపీలు నేను లెక్కలేనన్ని దిద్దాను. పట్టాలు తప్పింది అన్న దగ్గర చుక్క పెడితే చాలు, సగం పని అయిపోతుంది. ఆ చుక్క పెట్టగానే, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అన్నది విలేకరి రాయలేదన్న సంగతి కూడా బయటపడుతుంది. “భయాందోళనలకు గురయ్యారు” అన్న మాట ఆ ఖాళీని కప్పేస్తూ వచ్చింది. చాలాసార్లు దాని పనే అది.

మళ్లీ ఆ రాత్రికి వస్తాను. ఫోన్ పెట్టేశాక, మా న్యూస్ ఎడిటర్ ఎదురుగా కూర్చోబెట్టుకుని “ఇప్పుడు నువ్వు వాళ్లకేం చెప్పావో అది రాయి” అన్నారు. “ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి వెళ్తున్న హెలికాప్టర్ గల్లంతైంది” అని రాశాను. పొట్టిగా వచ్చింది కదా అని చూపించాను. ఆయన “గల్లంతైంది” కొట్టేశారు.

ఎందుకో చెబుతాను, ఎందుకంటే డెస్క్ పనిలో సారమంతా ఇలాంటి మాటల దగ్గరే ఉంది. గల్లంతు అన్నది మనం వరదల్లో, పడవ ప్రమాదాల్లో వాడే మాట. “ముగ్గురు గల్లంతు” అని చదివిన తెలుగువాడు ఆ ముగ్గురూ ఇక రారని మనసులో అనుకునే ముందుకు పోతాడు. శవాలు దొరకలేదు, అంతే. కాబట్టి ఆ రాత్రి “గల్లంతైంది” అంటే మాకు తెలియనిది చెప్పినట్టే. “అదృశ్యమైంది” అందామా? అందులో మిస్టరీ వాసన వస్తుంది, ఎవరో మాయం చేసినట్టు. “కూలిపోయింది” అనడానికి శకలం ఒక్కటి కూడా ఎవరూ చూడలేదు. “అత్యవసరంగా దిగింది” అన్నదానికీ ఆధారం లేదు. క్షేమంగా దిగి రోడ్డు మార్గాన వెళ్తున్నారన్న మాట ఆ రోజు కొంతసేపు గాలిలో తిరిగింది కూడా. దాన్ని నమ్మి ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఆ తర్వాత రెట్టింపు బాధపడ్డారు. మాకు కచ్చితంగా తెలిసినవి రెండే రెండు. ఒకటి, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతం నుంచి హెలికాప్టర్‌తో మాట లేదు. రెండు, వెతుకుతున్నారు, దొరకలేదు. నేను కట్టిన మొదటి ఇంట్రోలో “ప్రతికూల వాతావరణం కారణంగా” అని ఉంది చూడండి, అది కూడా ఊహే. వాన కురుస్తోందన్నది నిజం. వాన వల్లే సంబంధాలు తెగాయన్నది ఆ రాత్రికి ఎవరికీ తెలియదు. “కారణంగా” అన్న మాటను మనం ఎంత తేలిగ్గా వాడతామో!

చివరికి పేజీలోకి వెళ్లిన వాక్యం ఇది: “ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి వెళ్తున్న హెలికాప్టర్ బుధవారం అర్ధరాత్రి వరకు దొరకలేదు.” ఎనిమిది మాటలు. తర్వాతి వాక్యంలో ఉదయం 8.38, బేగంపేట, తొమ్మిదిన్నర. మూడో వాక్యంలో ఎక్కడెక్కడ వెతుకుతున్నారో. అనుపల్లి నాలుగో వాక్యంలోకి వెళ్లింది. ఏ వివరమూ పోలేదు, వాటి వరస మాత్రమే మారింది. ఒక ఇంట్రోలో కర్తకు ముందు “వెళ్తున్న”, “బయల్దేరిన” లాంటి విశేషణం ఒకటికి మించి వద్దన్నది ఆ రాత్రి నుంచి నేను పెట్టుకున్న లెక్క. రెండోది రాగానే దానికి వేరే వాక్యం ఇచ్చేస్తాను.

ఆ వాక్యంలో “అర్ధరాత్రి వరకు” ఎందుకుందో కూడా చెప్పాలి. పత్రిక ఒంటిగంటకు అచ్చవుతుంది, పాఠకుడు ఆరింటికి చదువుతాడు. మధ్యలో ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో ఏమైనా జరగొచ్చు. “ఇంకా దొరకలేదు” అని రాస్తే, ఆరింటికి చదివేవాడి “ఇంకా” వేరు, మా “ఇంకా” వేరు. “ఇంకా”, “ఇప్పటికీ”, “ప్రస్తుతం” అన్నవి రేడియో వాళ్ల మాటలు, టీవీ వాళ్ల మాటలు. అచ్చులో వాటికి బదులు గడియారం పెట్టాలి. అప్పుడు తెల్లవారేసరికి సంగతి మారిపోయినా వాక్యం అబద్ధం కాదు. ఆ మర్నాడు జరిగింది అదే. పొద్దున పత్రిక ఇళ్లకు చేరిన కాసేపటికే వైమానిక దళం హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట మీద శకలాలను చూసింది. మా ఇంట్రో పాతబడింది కాని తప్పు కాలేదు.

ఇక్కడ ఒక పాత కథ చెప్పకుండా ఉండలేను. 1963 నవంబర్ 22, డాలస్. అధ్యక్షుడు కెనెడీ వాహనశ్రేణిలో విలేకరుల కారు ముందు సీట్లో యూపీఐ విలేకరి మెరిమన్ స్మిత్ ఉన్నాడు. ఆ కారులో ఒకే ఒక్క రేడియో ఫోను, అది ఆయన చేతికి అందేచోట ఉంది. 12.30కి కాల్పులు వినిపించాయి. 12.34కి ఆయన వార్త టెలిప్రింటర్ల మీదికి ఎక్కింది. డాలస్‌లో ఈ రోజు కెనెడీ వాహనశ్రేణి మీద మూడుసార్లు కాల్పులు జరిగాయి అన్నది దాని సారం. వెనక సీట్లో ఏపీ విలేకరి జాక్ బెల్ ఫోనివ్వమని అరుస్తూ గుద్దుతుంటే కూడా స్మిత్ దాన్ని వదల్లేదంటారు. ఆ పెనుగులాట గురించే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ వాక్యంలో లేనిది గొప్పగా అనిపిస్తుంది. కెనెడీ మీద కాల్పులు అనలేదు, వాహనశ్రేణి మీద అన్నాడు. తగిలిందో లేదో తన కారులోంచి కనిపించలేదు. వినిపించింది మూడు చప్పుళ్లు, వాటినే చెప్పాడు. ఆస్పత్రి వాకిట్లో అంగరక్షకుడు క్లింట్ హిల్ కెనెడీ పోయారని స్మిత్‌తోనే అన్నాడు. అప్పుడు కూడా స్మిత్ పంపిన కబురులో “తీవ్ర గాయాలు, ప్రాణాపాయం కావచ్చు” అనే ఉంది. డాక్టరు చెప్పలేదు కాబట్టి. ఆ రిపోర్టింగుకే మరుసటేడు పులిట్జర్ ఇచ్చారు.

అదే మధ్యాహ్నం ఏపీ పంపిన ఒక వాక్యం కూడా డెస్క్ మీద కూర్చునేవాళ్లు గుర్తుంచుకోదగ్గది. అధికార ప్రకటన రావడానికి కాస్త ముందు, కెనెడీ దగ్గర ఉన్న ఇద్దరు మతగురువులు ఆయన మరణించారని చెబుతున్నారని అది పంపింది. ఇక్కడ వాక్యం “ఏమైంది?” అన్న ప్రశ్నకు కాదు, ఇంకో ప్రశ్నకు జవాబిస్తోంది. అప్పటికే వదంతి దేశమంతా పాకింది. జనం అడుగుతున్నది “నిజమేనా?” అని. “నిజమేనా?”కు జవాబు క్రియలో ఉండదు, ఎవరన్నారు అన్నదాంట్లో ఉంటుంది. అందుకే వాళ్లు మతగురువుల్ని వాక్యం మొదట్లోనే పెట్టారు.

ఈ తేడా తెలుగులో ఇంకా పదునుగా తెలుస్తుంది. మన పత్రికల్లో చెప్పినవాడు ఎప్పుడూ చివర వస్తాడు. “…అని డీజీపీ తెలిపారు.” మామూలు రోజుల్లో పరవాలేదు. కాని జనం “నిజమేనా?” అంటున్న వేళ, పాఠకుడు వాక్యమంతా నమ్మి చదివాక చివర్లో “అని స్థానికులు చెబుతున్నారు” అని తగిలిస్తే ఏమవుతుంది? నమ్మకం అప్పటికే కుదిరిపోయింది, ఆ తోకను ఎవరూ చదవరు. అలాంటప్పుడు చెప్పినవాణ్ణి ముందుకు తేవాలి. ఇక “తెలిసింది”, “సమాచారం”, “తెలుస్తోంది” అనే మూడు మాటలు ఉన్నాయి. ఎవరికి తెలిసింది, ఎవరి సమాచారం అని అడిగితే బదులుండదు. మన మాట్లాడే భాషలో దీనికి నిజాయితీ అయిన ప్రత్యయం ఒకటుంది, “ట”. “దొరికారట.” విన్నాను, చూడలేదు అని ఒక్క అక్షరంలో చెప్పేస్తుంది. నాకు ఆ “ట” మీద చాలా ప్రేమ. అచ్చులో మాత్రం దానికి చోటివ్వలేదు, అందులో వెటకారం వినబడుతుందని. వాడుక మాట పత్రికలో ఉండాలని పట్టుబట్టిన నార్లగారు దీన్ని గురించి ఏమనేవారో అడగాలని ఉండేది.

సెప్టెంబర్ 3. పొద్దున్నుంచే ఫోన్లు. ప్రశ్న మారిపోయింది. “దొరికారా?” పోయి “నిజమేనా?” వచ్చింది. ప్రభుత్వం ప్రకటించేదాకా మేం ఎవరికీ ఔనని చెప్పలేదు. ప్రకటించాక ఔనని చెప్పడం మరీ కష్టమైంది. సాయంత్రానికి రోశయ్యగారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రాత్రికి మళ్లీ మొదటి పేజీ.

ఆ రాత్రి డెస్క్ మీద చిన్న గొడవ జరిగింది. ఒక మిత్రుడు “రాజశేఖరరెడ్డి ఇక లేరు” అని రాశాడు. ఇంకొకాయన “కన్నుమూశారు” అన్నాడు. “ఇక లేరు” శీర్షికకు సరిపోతుంది, కాని ఇంట్రోలో ఎలా, ఎక్కడ అన్నది ఎగిరిపోతుంది. “కన్నుమూశారు” మంచం మీద, మనవాళ్ల మధ్య జరిగేది, కొండ మీద కూలిన హెలికాప్టర్లో జరిగేది కాదు. “అసువులు బాశారు” అని ఇంకెవరో అంటే నేనే కొట్టేశాను. “దుర్మరణం పాలయ్యారు” అన్నది అరిగిపోయిన మాటే, అయినా అందులో ప్రమాదం అనే సంగతి ఉంది కాబట్టి దాని మీద నాకు పెద్ద కోపం లేదు. “మరణించారు” అని తేల్చాం.

అంతా అయిపోయిందనుకున్నాక ఫైనల్ ప్రూఫులో ఇంట్రో ఇలా ఉంది: “నల్లమల అడవిలో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో పాటు ఐదుగురు మరణించారు.” ఒకటికి పదిసార్లు అందరం చదివాం, అందరికీ బాగుంది. ప్రూఫ్ రీడర్ ఒకాయన, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, కాగితం పట్టుకుని వచ్చాడు. “సార్, మొత్తం ఎంతమంది పోయారండీ? ఐదుగురా, ఆరుగురా?” అన్నాడు. ముఖ్యమంత్రి, ఆయన ప్రత్యేక కార్యదర్శి, భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు. మొత్తం ఐదుగురు. కాని “ఆయనతో పాటు ఐదుగురు” అంటే? తెలుగులో దాన్ని రెండు రకాలుగానూ చదవొచ్చు. ఆయన్ని కలుపుకుని ఐదుగురు అనీ, ఆయన కాక ఐదుగురు అనీ. ప్రమాద వార్తల్లో ఈ “తో పాటు” ఎన్నిసార్లు లెక్క తప్పించిందో చెప్పలేను. మొదటి రోజు అయిదు, రెండో రోజు ఆరు, మూడో రోజు సవరణ. మనిషి ప్రాణం పోయిన చోట అంకె తప్పితే ఆ పత్రికను ఆ ఊరివాళ్లు మళ్లీ నమ్మరు.

“సహా” పెడదామా అన్నాను. “సహా” అంటే కలుపుకునే, అందులో సందేహం లేదు. ఆయన తల అడ్డంగా ఊపి, కలం తీసి ప్రూఫు మీద అడ్డంగా రాసిచ్చాడు: “ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి, మరో నలుగురు మరణించారు.”

నేను కాగితం తీసుకుని కంపోజింగ్‌కు పరుగెత్తాను. పక్క బల్ల మీద ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.